విసుగులో నీళ్లు లేవు

బోరు మోటారు స్టార్టరు పెట్టెతో పాటు రైతుకిచ్చే తెలుగు పుస్తకాన్ని ఒక కంపెనీ నాకు పంపింది. తర్జుమా మిషనే చేసేసిందట. నేను అచ్చుతప్పులు చూస్తే చాలట. దిద్దిన మాటకు రూపాయి.

మొదటి పేజీ ఇలా ఉంది: ‘విసుగులో నీటి మట్టం పడిపోయిన యెడల ప్రస్తుతము తగ్గును. అప్పుడు రిలే యాత్రకు వెళ్లును. కోలుకున్న తరువాత మీచే పునఃప్రారంభించబడవలెను.’

అనంతపురంలో బోరంటే విసుగే, కాదనను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో మూడో బోరు కూడా ఎండినవాడికి కలిగేది అదే. కానీ కరెంటు ‘ప్రస్తుతము’ కావడం, ట్రిప్పయిన రిలే తిరుపతి బండెక్కడం మిషను సొంత కల్పన. కోలుకోవలసింది రోగి కాదు, బోరు. మా దగ్గర నీళ్లుండేది రాతి పగుళ్లలో. తోడేస్తే మళ్లీ ఊరేదాకా ఆగాలి. నీళ్లు లేకుండా మోటారు తిరిగితే బేరింగులు వేడెక్కి పాడవుతాయి. అందుకని ఇలా రాశాను: ‘బోరులో నీళ్లు అయిపోతే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. అప్పుడు రిలే ట్రిప్పయి మోటారు ఆగిపోతుంది. నీళ్లు ఊరాక మళ్లీ వేయండి.’

ఇంతవరకూ నవ్వుకుంటూ చేసిన పని. నవ్వొచ్చే తప్పు దానంతటదే దొరికిపోతుంది.

నాలుగో పేజీలో ఒక వాక్యం మాత్రం ముత్యంలా ఉంది: ‘రిలేను తప్పించకుండా మోటారు వేయవద్దు.’ కర్త, కర్మ, క్రియ అన్నీ కుదురుగా ఉన్నాయి. రెండుసార్లు చదివి టిక్కు పెట్టాను. మోటార్లు రిపేరు చేసే కుర్రాడికి చదివి వినిపిస్తే పానా కింద పెట్టి అన్నాడు:

‘ఏంది సార్ ఇది, రిలే పీకేసే మోటారు వేయమంటాండాది గదా!’

ఇంగ్లీషు తీసి చూస్తే, రిలేను తప్పించి మోటారు వేయవద్దని ఉంది. మిషను ఒక ‘కుండా’ అదనంగా పెట్టింది. రెండు కాదులు కలిసి ఔనయ్యాయి. వ్యాకరణం చూసే కంటికి అది తప్పే కాదు. ‘సరే, ఇప్పుడు నేనేం చేయాలి?’ అని అడిగే చెవికే దొరుకుతుంది. ఆ రాత్రి పుస్తకమంతా వెనక్కి తిప్పి, ‘కుండా’, ‘వద్దు’, ‘తప్ప’, ‘వరకు’ ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసి, ఇంగ్లీషు పక్కన పెట్టుకుని సరిచూశాను. ఇలాంటివే ఇంకో రెండు బయటపడ్డాయి. అందులో ఒకటి ఎర్తు వైరు గురించి!

కంపెనీ నుంచి జవాబొచ్చింది. ‘బోరు’, ‘ట్రిప్పు’ ఇంగ్లీషు మాటలు కదా, శుద్ధమైన తెలుగు పెట్టగలరా అని. బిల్లు కూడా జత చేశారు. విసుగుకీ యాత్రకీ బాగానే గిట్టింది. రిలే వాక్యానికి మాత్రం, మార్చింది ఒక్క మాటే గనుక, ఒక్క రూపాయి.