పళ్లెంలో రుతుపవనాలు

అనంతపురంలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి పడమటి కనుమల దగ్గరే దించేసుకుంటుంది, ఈశాన్యం కోస్తాలోనే చేయి ఖాళీ చేసుకుని వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ ఇరవై శాతానికి అటూ ఇటూ. ఇలాంటి ఊళ్లో ఒక కొత్త వర్గం బయల్దేరింది. గోదావరి పక్కన కడియం నర్సరీల్లో చెమ్మగాలి తాగి పెరిగిన కలాథియాను లారీ మీద తెప్పించుకుంటారు. టీవీ పక్కన పెట్టి, కింద గులకరాళ్ల పళ్లెంలో గ్లాసెడు నీళ్లు పోస్తారు. చేతిలో స్ప్రే బాటిల్, రోజుకు మూడుసార్లు ఫుస్ ఫుస్. రెండు వేల దశకంలో ప్రభుత్వం ఈ జిల్లా మీద విమానాలతో మేఘమథనం చేయించింది. వీళ్లు ఆ కార్యక్రమాన్ని హాల్లోకి తెచ్చారు. విమానం అద్దె మాత్రం మిగిలింది.

ఒకసారి లెక్క వేద్దాం. పన్నెండు అడుగుల చదరపు గది, పది అడుగుల ఎత్తు. అందులో పట్టేది సుమారు 41 ఘనపు మీటర్ల గాలి. గదిలో 38 డిగ్రీలుంటే ఒక్కో ఘనపు మీటరు గరిష్ఠంగా 46 గ్రాముల ఆవిరి మోయగలదు. ఇరవై శాతం తేమంటే తొమ్మిది గ్రాములే మోస్తున్నట్టు. దాన్ని అరవై శాతానికి లేపాలంటే గదికి ముప్పావు లీటరు నీరు ఆవిరి కావాలి. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గంటకోసారి గది గాలి మారిపోతుందనుకుంటే ప్రతి గంటా మళ్లీ ముప్పావు లీటరు. రోజుకు పద్దెనిమిది లీటర్లు!

మన పళ్లెం అడుగు వెడల్పుది. నీడలో రోజుకు అర సెంటీమీటరు ఎండినా ఇచ్చేది 350 మిల్లీలీటర్లు, అంటే గంటకు మూడు టీస్పూన్లు. గదిలో తేమ దానితో ఒక్క శాతం కూడా పెరగదు. సముద్రంలో కాకిరెట్ట. నమ్మకపోతే మూడు నాలుగు వందలు పెట్టి చిన్న తేమ మీటరు కొని, ఆకుల ఎత్తులో పెట్టి, పళ్లెం ఉంచి ఒకరోజు, తీసేసి ఒకరోజు ఒకే వేళకు చూడండి. స్ప్రే సంగతి ఇంకా అన్యాయం. ఆ పొడిగాలికి ఆకు మీది తుంపర నిమిషాల్లో ఆవిరై కిటికీలోంచి వెళ్లిపోతుంది. దాని వల్ల నిజమైన లాభం ఒకటుంది: చల్లేటప్పుడైనా ఆకును దగ్గరగా చూస్తారు. ఆకు వెనక సన్న గూళ్లు, పైన ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. దాన్ని వదిలించాలంటే తుంపర చాలదు, కుళాయి కింద పట్టి ఆకు రెండు వైపులా కడగాలి.

పైగా చల్లేది ఏ నీరు? ఈ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ ఉందనే కదా 1990ల్లో సత్యసాయి పథకం వందల పల్లెలకు తాగునీరు తెచ్చింది! కలాథియాకు, డ్రసీనాకు ఆ ఫ్లోరైడ్ పడదు. ఆకు కొస గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతుంది. దాన్ని చూసి "తేమ చాల్లేదు" అని అదే నీళ్లు ఇంకో నాలుగు ఫుస్‌లు కొడతారు. ఎండగానే ఆకు మీద సున్నం మచ్చలు మిగులుతాయి. ఇంకొందరు పొదుపరులు ఆర్వో మిషన్ పారబోసే నీళ్లు పట్టి పోస్తారు. ఫిల్టరు వద్దన్న లవణాలన్నీ మొక్కకు నైవేద్యం. దానికి ఇవ్వాల్సింది ఫిల్టరులో మంచివైపు వచ్చే నీరు, లేకపోతే పట్టిపెట్టుకున్న వాననీరు.

అసలు కిటుకు గదిని తడపడంలో లేదు, గాలిని తగ్గించడంలో ఉంది. 1829లో లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ మూతపెట్టిన గాజు సీసాలో ఫెర్న్ మొలిచి బతకడం చూశాడు. ఆ కిటుకుతోనే చేసిన అద్దాల పెట్టెల్లో తర్వాత చైనా తేయాకు మొక్కలు సముద్రం దాటి ఇండియాకు వచ్చాయి. మీ అటక మీద చేపలు పోయిన అక్వేరియం ఉంటే దించండి. రెండడుగుల తొట్టిలో గాలి దాదాపు 70 లీటర్లే. దాన్ని ఇరవై నుంచి ఎనభై శాతానికి లేపడానికి అర టీస్పూను నీరు కూడా అక్కర్లేదు. తడిమట్టే ఆ పని చూసుకుంటుంది. కుండీ లోపల పెట్టి పైన అద్దం మూయండి. పొద్దున ఒకవైపు అద్దానికి పల్చగా చెమ్మపట్టి మధ్యాహ్నానికి పోతే లెక్క సరిపోయినట్టు. రోజంతా ధారలు కారుతుంటే మూత కాస్త జరపాలి, లేదంటే వేర్లు కుళ్లుతాయి. నేరుగా ఎండ తగిలితే మాత్రం గంటలో మొక్క ఉడికిపోతుంది. పెట్టె తేమతో పాటు వేడినీ లోపలే బంధిస్తుంది.

తొట్టి లేనివారికి కూలర్ ఉండనే ఉంది. ఈ ఊరి పొడిగాలిలో అది గంటకు లీటర్ల కొద్దీ నీరు ఆవిరి చేస్తుంది. మీరు వందల రూపాయల పళ్లెంతో చేయలేనిది అది మీ కోసం చేస్తూనే, మీకు తెలియకుండా కలాథియాకూ చేస్తుంది. గాలి సూటిగా ఆకుల మీద కొట్టకుండా మొక్కను పక్కకు జరిపితే చాలు. ఇవేవీ కుదరకపోతే స్నేక్ ప్లాంట్, జీజీ, మనీప్లాంట్ కొనుక్కోండి. వాటికి మీ స్ప్రే అవసరమే లేదు.

పళ్లెం అట్టిపెట్టుకోవచ్చు, కుండీ కారినప్పుడు టైల్స్ పాడవకుండా పనికొస్తుంది. నీళ్లు మాత్రం నిలవ ఉంచకండి. శుక్రవారం డ్రై డే అని దోమపిల్లలు వెతుక్కుంటూ ఆరోగ్య కార్యకర్త వస్తే, "అది దోమలకు కాదమ్మా, బ్రెజిల్ మొక్కకు" అని చెప్పి చూడండి, ఏమంటుందో.