ఛాతీ 19 అంగుళాల వారికి మాత్రమే

ఆన్‌లైన్‌లో కుర్తీ కొనాలంటే డబ్బుకన్నా ముందు ఊపిరి కావాలి. "మహిళల కాటన్ కుర్తీ న్యూ లేటెస్ట్ డిజైనర్ స్టైలిష్ ట్రెండీ పార్టీ వేర్ ఆఫీస్ వేర్ క్యాజువల్ వేర్ ఫర్ గర్ల్స్ అండ్ విమెన్" అన్న పేరును ఒక్క గుక్కలో చదవగలిగినవారే అర్హులు. ఫోన్ తెర మీద అందులో సగం కూడా కనబడదు. కుర్తీ రంగేమిటి, మోకాలు దాటుతుందా, చేతులు ఎంతవరకు అన్నవి ఆ కనబడని సగంలో ఉంటాయి. కొనే మనిషి వెతికేది "నీలం కాటన్ కుర్తీ, ముప్పావు చేతులు" అని. ఆ నాలుగు ముక్కలూ ముందు రాసేస్తే ఎవరికైనా సరుకు దొరికిపోతుందన్న భయం కాబోలు.

ఇక బుల్లెట్లు. ఐదింటికి చోటిచ్చారు కదా అని ఐదూ గాల్లోకే పేలుస్తారు. ప్రీమియం క్వాలిటీ, సౌకర్యవంతం, అన్ని సందర్భాలకూ అనుకూలం, బహుమతికి చక్కనిది, ఈరోజే కొనండి. లైనింగ్ ఉందా, ఉతికితే ఎంత కుంచించుకుపోతుంది, జేబు ఉందా అని అడిగితే మాత్రం అది వ్యాపార రహస్యం. తెలుగు పేజీకి వస్తే "ఫ్రీ సైజు" కాస్తా "ఉచిత పరిమాణం" అయి కూర్చుంటుంది. సైజు ఉచితమైతే ఆ ఏడువందలు దేనికో మరి.

ఇవన్నీ క్షమించవచ్చు. అసలు కథ సైజు చార్టులో ఉంది.

గోడౌన్‌లో కుర్రాడు కుర్తీని బల్లమీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకి టేపు పెడతాడు. 19 అంగుళాలు వస్తుంది. అతని తప్పేమీ లేదు, అలాగే కొలవాలి. దాన్ని రెట్టింపు చేసి 38 అని రాయాల్సింది చార్టు రాసే మహానుభావుడు. ఆయన నమ్మకంగా "ఛాతీ: 19" అనే వేస్తాడు. ఆ లెక్కన ఆ కుర్తీ మూడేళ్ల పాపకు కూడా బిగుతే.

పోనీ, 38 అని సరిగ్గానే వేశాడనుకుందాం. ఎవరి 38? మనిషిదా, కుర్తీదా? ఛాతీ 36 ఉన్న మనిషికి కుట్టే కుర్తీ చుట్టుకొలతలో టైలరు కనీసం రెండంగుళాలు వదులు పెడతాడు. సాగని కాటన్ గుడ్డకు ఆ వదులు తప్పదు. కాబట్టి 36 మనిషికి 38 కుర్తీ. చార్టులో ఉత్త "బస్ట్ 38" అని ఉంటే, 38 ఛాతీ ఉన్న ఆవిడ తనదే అనుకుని తెప్పించుకుంటుంది. నిలబడితే సరిపోతుంది. బస్సులో పై కడ్డీ పట్టుకుంటేనే కుట్టు మాట్లాడుతుంది. చార్టు ఇచ్చింది మనిషి కొలతేనని తెలియక, కుర్తీ కొలతే అనుకుని జాగ్రత్తగా ఒక సైజు పెంచి కొన్నావిడకు అది గోనెసంచి. కింద రివ్యూల్లో ఒకే సైజు గురించి ఒకరు "చిన్నదైంది" అని, ఇంకొకరు "పెద్దదైంది" అని రాశారంటే, గుడ్డ కన్నా ముందు చార్టును అనుమానించాలి. అందరూ చిన్నదే అంటే, ఆ చార్టు వేరే కుర్తీ నుంచి అరువు తెచ్చిందేమో చూడాలి.

తర్వాత సెంటీమీటర్ల శాఖ. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు. మనవాళ్లు ఆ చివరి నాలుగును పెద్దగా లెక్కచేయరు, రెండున్నరతో గుణించేస్తారు. 36 అంగుళాలు 91.4 కావాల్సింది 90 అవుతుంది. 46 అంగుళాలు 116.8 కావాల్సింది 115 అవుతుంది. సైజు పెరిగేకొద్దీ దగా కూడా పెరుగుతుందన్నమాట. పైగా ఒక సైజుకీ మరోదానికీ మధ్య ఉండేదే రెండంగుళాలు, అంటే ఐదు సెంటీమీటర్లు. అందులో మూడోవంతు ఇక్కడే మింగేశారు. సెంటీమీటర్ల టేపుతో 116 కొలుచుకున్న మనిషి 115 చూసి భయపడి పై సైజు కొంటుంది. వదులై తిప్పి పంపుతుంది. అప్పుడు వ్యాపారి, "కస్టమర్లకు కొలుచుకోవడం రాదండీ" అని నిట్టూరుస్తాడు.

ఈ చార్టునంతా ఫోటోలో ఇంగ్లిష్‌లో అచ్చువేసి పెడతారు. పేజీని తెలుగులోకి మార్చినా ఫోటో మారదు. చుట్టూ తెలుగు, నడిమధ్యన "షోల్డర్, వెయిస్ట్, హిప్". భుజం, నడుము, సీటు అని మన టైలర్లు రోజూ అనే మాటలు రాస్తే కొనేవాళ్లకు అర్థమైపోయే ప్రమాదం ఉంది.

అమ్మేవారికి ఒక మనవి. పట్టికలో "మీ ఒంటి కొలత", "కుర్తీ కొలత" అని రెండు గడులు వేయండి, కింద అరంగుళం అటూఇటూ ఉండొచ్చని రాయండి. వాళ్లు ఆ పని చేసేలోగా కొనేవారు చేయగలిగింది ఇదీ: ఇంట్లో మీకు నప్పిన కుర్తీని పరిచి, చంక నుంచి చంకకి కొలిచి, రెట్టింపు చేసి, చార్టులో ఉన్నది కుర్తీ కొలతేనని రాసి ఉంటేనే పోల్చి కొనండి. రాసి లేకపోతే మరో దుకాణం చూసుకోండి.