హీలియం పేరు మార్చమని ఐయుపాక్ వారికి బహిరంగ లేఖ

ఐయుపాక్ అధ్యక్షులవారి సముఖమునకు,

గుంటూరులో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుని బతికే ఒక ట్యూషన్ మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. మూలకాలకు పేర్లు ఖాయం చేసే అధికారం తమదే కాబట్టి పేచీ కూడా తమతోనే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ పేచీ అంతా ఒక పాట వల్ల. పరీక్షల ముందు పిల్లలు మూలకాల పేర్లను వరసగా గొణుక్కుంటారు. "పదిహేడోది ఏదిరా?" అంటే మళ్లీ హైడ్రోజన్ దగ్గర మొదలెట్టి వేళ్లు లెక్కపెడతారు. క్లోరిన్‌కు చేరేసరికి అటు పక్కవాడు జవాబు చెప్పేసి ఉంటాడు. పైగా ఆ గొణుగుడులో ఏ మూలకం కింద ఏది ఉందో తెలియదు. అందుకని ఆదితాళం పట్టుకున్నాను. దానికి ఎనిమిది దెబ్బలు, ఆవర్తన పట్టికలో రెండో వరసకూ మూడో వరసకూ ఎనిమిదేసి మూలకాలు. ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

పాట ఇదీ:

హై — — — — — — హీలియం
లి బె బో కా నై ఆ ఫ్లో నియాన్
నా మె ఆల్ సి ఫా స క్లో ఆర్గాన్

తొడ మీద తాళం వేస్తూ పాడాలి. మొదట దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడివేలు, ఆపైన దెబ్బ, తిరగేత, దెబ్బ, తిరగేత. నడివేలు మీద కార్బన్ పడుతుంది, తర్వాతి పాదంలో అదే వేలి మీద సిలికాన్ పడుతుంది. రెండూ ఒకే గ్రూపువని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు క్లోరిన్ అడగండి. మొదటి పాదంలో రెండు, రెండో దాంట్లో ఎనిమిది, మూడో దాంట్లో ఏడో దెబ్బ, మొత్తం పదిహేడు. ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 7. ఏడో దెబ్బ కాబట్టి బయటి కక్ష్యలో ఏడు. తాళమే లెక్క చెబుతుంది.

మూడో పాదం మొదట్లో నేను "సో" అని పెట్టాను, సోడియం కదా అని. ఫలితం, సగం మంది సోడియం సంకేతం So అని రాశారు. పొటాషియంకు "పొ" అంటే Po రాశారు, అది పొలోనియం! లాటిన్ నేట్రియం, కాలియం పేర్ల మీద Na, K సంకేతాలు నిలబెట్టినందుకు తమ మీద కోపం వచ్చింది కానీ, పాటలో "నా" అని మార్చుకుని సర్దుకున్నాను. నాలుగో పాదం మాత్రం పాడించను. పొటాషియం, కాల్షియం తర్వాత స్కాండియం నుంచి జింకు దాకా పది మంది చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య చొరబడతారు. వాళ్లకు తాళంలో చోటు లేదు. ఈ పాట పద్దెనిమిదో మూలకంతో ఆగిపోతుంది, అంతకుమించి నేను మాట ఇవ్వను.

ఇక అసలు విన్నపం. 2016లో తమరు ఒక నియమం చెప్పారు. ఇకపై వచ్చే మూలకం 17వ గ్రూపుదైతే పేరు చివర "ఇన్" రావాలి, 18వ గ్రూపుదైతే "ఆన్" రావాలి, తక్కినవాటికి "ఇయం". అందుకే టెన్నెస్సిన్, ఒగనెస్సాన్ పుట్టాయి. ఇంగ్లీషులో ఏమంటారో గానీ మేం దీన్ని అంత్యప్రాస అంటాం. నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్, ఒగనెస్సాన్ అని ప్రతి పాదమూ "ఆన్" మీదే వాలుతుంది. మొదటి పాదం ఒక్కటే "ఇయం" అని కుంటుతుంది.

దీనికి మూలం మా ఊళ్లోనూ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చింది గుంటూరుకే. సూర్యుడి అంచున లేచే జ్వాలలను వర్ణపటంలో పరీక్షించాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ ఆ జ్వాలల కాంతిలోని పసుపు గీత సోడియానిది కాదని పట్టుకున్నాడు. అదేదో కొత్త లోహం అనుకోవడంతో "ఇయం" తగిలించారు. 1895లో రామ్సే భూమి మీద దాన్ని పట్టుకునేసరికి అది వాయువని తేలింది, కానీ తోక ఊడలేదు. చూడబోతే ఆ మూలకం తీరే అంత. ఎనిమిదో దెబ్బ మీద కూర్చుంటుంది, చేతిలో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు.

కాబట్టి హీలియంను హీలియాన్ చేయండి. సంకేతం He అలాగే ఉంటుంది, పుస్తకాల వాళ్లకు పెద్ద ఖర్చు ఉండదు.

ఈ ఉత్తరం క్లాసులో చదివి వినిపిస్తే వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మాస్టారూ, హీలియాన్ అంటే హీలియం-3 కేంద్రకం కదండీ, రెండు ప్రోటాన్లూ ఒక న్యూట్రానూ. ఆ పేరు వాళ్లు ముందే వాడేశారు" అంది. పుస్తకం తీసి చూశాను, నిజమే.

అయినా ఉత్తరం పంపుతున్నాను. ఆ కేంద్రకానికి ఇంకో పేరు చూడండి, దాన్ని మేం పాటలో పెట్టలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ట్యూషన్ మాస్టారు, గుంటూరు