టీఏ బిల్లుకు గుండుసూది ఏదిరా?

హైదరాబాదులో కొలువు చేసే మా మనవడు మొన్న బోధన్ చెరుకు ఊళ్లు తిరిగి, ఖర్చుల కోసం ఫైనాన్సు వాళ్లకు మెయిలు పెట్టిండు. పద్నాలుగు ఫోటోలు, కింద ఒకే ముక్క: ‘మొత్తం 3,975, దయచేసి ఇప్పించగలరు’. మర్నాడే తిరిగొచ్చింది. రాదా మరి!

మా రోజుల్లో, శక్కర్‌నగర్ పొగగొట్టం ఇంకా పొగ వదిలే కాలంలో, నేను టీఏ బిల్లులు రాసే గుమాస్తాను. ఏ రోజు, ఎన్ని గంటలకు బయల్దేరినవ్, ఎక్కడ దిగినవ్, ఏ పని మీద, చార్జీ ఎంత, బత్తా ఎంత అని గళ్లు ఉండేవి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అకౌంటెంటు కళ్లద్దాల పైనుంచి చూసేటోడు. అడ్వాన్సు తీసుకుంటే చివర్న తీసివేత. రెవెన్యూ స్టాంపు మీద సంతకం సగం, కాగితం మీద సగం. టికెట్లన్నీ గుండుసూదికి గుచ్చి ఉండేవి.

“గిప్పుడు గవన్నీ లేవు తాతా” అన్నడు. లేకపోతే నువ్వే గీయాలి గళ్లు! కూర్చోబెట్టి మళ్లీ రాయించిన. పైన పని, తేదీలు. బస్సులు 860, నిజామాబాదులో లాడ్జి ఒక రాత్రి 1,575, బోధన్ నుంచి వర్ని దాకా పోయొచ్చిన ఆటో 900, రెండు రోజుల తిండి 640. ప్రతి పద్దు పక్కన రసీదు నంబరు; ఫోటోకూ అదే నంబరు పేరు. అడ్వాన్సు 2,000 పోగా రావాల్సింది 1,975.

చిక్కంతా లాడ్జి దగ్గర. కంపెనీ పరిమితి రాత్రికి 1,500. మెయిలు తిప్పి పంపినప్పుడే పైన 75 కోసేసిన్రు. పాలసీ కాగితం తెరిపిస్తే ‘పన్నులు కాకుండా’ అని ఉంది. బిల్లులో గది 1,500, జీఎస్టీ 75 విడిగానే కనబడుతున్నయ్. ఆ నిబంధన సంఖ్య రాసి, ఆ ముక్క చూపించమన్న. ‘అన్యాయం’ అని రాస్తే పైసా రాదు.

ఆటోవాలా రసీదు ఇయ్యడు. ఫోన్‌పే ఫోటో డబ్బు పోయిందని చెప్తుంది గానీ, ఎందుకు పోయిందో చెప్పదు. అందుకే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఏ రైతును కలవడానికి అన్నది సొంత పూచీకత్తుతో రాయించిన. రసీదు లేని ఖర్చుకు పాలసీలో అట్ల వెసులుబాటు ఉంది కాబట్టి. లేకుంటే ముందే మేనేజరు మాట తీసుకోవాల్సింది.

ఇగ బస్సు టికెట్టు! పర్సులో వారం పెట్టుకుంటే అక్షరాలు ఎగిరిపోయి తెల్ల కాగితం మిగిలింది. మా అట్ట టికెట్టు పదేళ్లయినా చదవొచ్చు. వీడి అదృష్టం, దిగిన రోజే ఒక ఫోటో తీసి పెట్టుకున్నడు. అదొక్కటి ఫోను చేసిన మంచి పని, ఒప్పుకుంటున్న.

వారానికి 1,975 పడ్డయ్, 75తో సహా. ఫోన్లో చూపించిండు. స్టాంపు లేదు, సంతకం లేదు. నేనైతే ఉన్న కాగితాలకు గుండుసూది గుచ్చి బీరువాలో పెట్టిన.