వరండాలో ఏడు నమస్తేలు

కేతేపల్లిలో ఒక ఆఫీసు. పేరెందుకులెండి. వరండా పొడవు యాభై అడుగులు. ఆ చివర సార్ గది, ఈ చివర మంచినీళ్ల కుండ, దాని పక్కనే బాత్రూం. కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్‌కు దాహమెక్కువ, సార్‌కు షుగరు. అందుకని ఇద్దరూ రోజుకు ఏడుసార్లు ఎదురుపడతారు.

మొదటిరోజు కుర్రాడు ఏడుసార్లూ చేతులు జోడించి "నమస్తే సార్" అన్నాడు. మూడోసారికి సార్ తలాడించి ఊరుకున్నారు. ఐదోసారికి గోడ మీది క్యాలెండర్ చదివారు. ఏడోసారికి, "పొద్దున చేసినవ్ గదయ్యా!" అన్నారు.

అటెండర్ పక్కకు పిలిచి చెప్పాడు. "పొద్దుగాల ఒకటి నోటితోని. నడుమ అన్నీ మెడతోనే. పోయేటప్పుడు 'పోయొస్త సార్' అని మళ్ల నోటితోని. సార్ ఫోన్ మాట్లాడుతున్నా, పక్కన పైఆఫీసర్ ఉన్నా మెడ కూడా కొంచెమే."

ఇక దూరం సంగతి. కుర్రాడు యాభై అడుగుల అవతలే నవ్వు మొదలుపెట్టేవాడు. సార్ దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఆరేసిన అప్పడంలా ఎండిపోయేది. ఇది కేతేపల్లి జబ్బు కాదు. ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే పరిశోధకులు ఒక విందులో జనం పలకరించుకోవడాన్ని ఫిల్మ్ తీసి చూసి, 1973లో ఒక వ్యాసం అచ్చు వేశారు. దూరాన ఒక పలకరింపు, దగ్గర ఇంకొకటి, మధ్యలో నడిచేటప్పుడు చాలామంది చూపు పక్కకు తిప్పుకుంటారని అందులో ఉంది. సార్ క్యాలెండర్ చదవడం కోపం కాదన్నమాట. ఇప్పుడు కుర్రాడు కూడా చేతిలోని ఫైలు చూస్తూ వచ్చి, నాలుగడుగుల్లో తలెత్తుతున్నాడు.

మెడ విద్య ఒంటబట్టిందనుకున్న వారంలోనే దెబ్బ తగిలింది. సార్ మూడొద్దులు సెలవు పెట్టి వచ్చారు. తల్లికి ఆపరేషనని ఆఫీసంతా ఎరుకే. కుర్రాడు యథాప్రకారం తలూపి కుండ దగ్గరికి నడిచాడు. వెనకాల వస్తున్న సీనియర్ మేడం ఆగి, "అమ్మకెట్లుంది సార్?" అంది. సార్ అక్కడే స్తంభానికి ఆనుకొని పది నిమిషాలు చెప్పారు. కుర్రాడు గ్లాసు పట్టుకొని నీళ్లు తాగడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఆ రాత్రి ఇంట్లో ఈ కథంతా చెబితే తాత చెవి దగ్గర పెట్టి విన్నాడు. దొరల ముందు చెప్పులు చేతబట్టుకొని, "నీ బాంచెన్, కాల్మొక్త" అన్న పెద్దల్ని కళ్లారా చూసిన మనిషి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం నాటికి గొడ్లు కాసే పిలగాడు.

"వంగినవా?"

"లేదు తాతా, మెడ ఒక్కటే."

"ఎంత? సూపియ్."

కుర్రాడు తలూపి చూపించాడు. తాత కళ్లద్దాలు సరిచేసుకొని చూసి, "ఇంకింత తగ్గియ్," అన్నాడు.