గీత ఉంది, ట్రేడ్లేవి?

'వెరిఫైడ్ బ్యాక్‌టెస్ట్' అన్న ఆకుపచ్చ ముద్ర ఇప్పుడు ఆల్గోలమ్మే ప్రతి గురువుగారి పోస్టరు మీదా వెలుస్తోంది. ఎవరు వెరిఫై చేశారయ్యా అంటే వారే. మంచిదే, ఆడిటర్ ఖర్చు కలిసొచ్చింది.

ముద్ర కింద ఎప్పుడూ పైకే పోయే గీత. పోయిన నెల చూపిన గీతకూ దీనికీ పోలిక లేదేమని అడగండి. జవాబు సిద్ధం: "డేటా అప్‌డేట్ అయింది సార్."

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఎందుకంటే ఇది అబద్ధం కాదు.

రిలయన్స్‌నే చూడండి. 2024 అక్టోబర్ 28న ఒకటికి ఒకటి బోనస్. దాంతో సర్దుబాటు చేసిన డేటాలో పాత ధరలన్నీ సగానికి దిగాయి. 2022 ఏప్రిల్‌లో రూ.2,500 పైన ఆడిన షేరు, అదే తేదీ ఎదురుగా ఇప్పుడు రూ.1,500 లోపే కనిపిస్తుంది. మీ స్ట్రాటజీలో "ధర రూ.1,500 దాటితేనే కొను" అన్న షరతు ఉందనుకోండి. బోనస్‌కు ముందు దింపుకున్న ఫైలుతో నడిపితే 2022లో రిలయన్స్ కొనుగోళ్లకు చోటుంటుంది. తర్వాత దింపిన ఫైలుతో ఒక్కటీ ఉండదు. కోడ్‌లో అక్షరం మారలేదు. 2022 నాటి బేరాలు మాత్రం మాయం!

డీమెర్జర్ ఇంకో ముచ్చట. 2023 జూలై 19న రూ.2,841.85 దగ్గర ముగిసిన రిలయన్స్, మర్నాడు ప్రత్యేక సెషన్‌లో రూ.2,580గా తేలింది. ఆ తేడా నష్టం కాదు, జియో ఫైనాన్షియల్ షేర్ల విలువ. పాత ధరలను దానికి తగ్గట్టు సర్దని డేటాలో మీ 5 శాతం స్టాప్‌లాస్ తగిలి, లేని నష్టం లెక్కకెక్కుతుంది.

ఇక వెటకారం చాలు. ఇవేవీ గీతలో కనపడవు. ట్రేడ్ల జాబితా దాచి ఉంటే ఒక్క వరుస చాలు:

```
diff trades_2024-09.csv trades_2024-11.csv
```

ఎగిరిపోయిన రిలయన్స్ వరుసలు తెర మీదికొస్తాయి. ఇక తేల్చాల్సింది మారింది షరతులా, డేటానా అన్నదే. నడిపిన రోజే షరతులు, బ్రోకరేజీ, స్లిప్పేజీ ఒక ఫైల్లో రాసి, డేటా ఫైలు నకలు దాచి, దాని మీద `sha256sum` ఇచ్చిన 64 అక్షరాలను పక్కన పెట్టుకుంటే ఆ ముడీ వీడుతుంది. షరతులు అవే ఉండి ఆ అక్షరాలు వేరైతే మారింది డేటా. రెండు ఫైళ్లలో ఏది సరైందో అవి చెప్పవు. అందుకే పాత నకలు ఉండాలి. ఇంత చిన్న పని చేయనివాడు జనం దగ్గర డబ్బెలా తీసుకుంటాడు?

లాజిక్ చూపకుండా అమ్మే ఆల్గోలకు పరిశోధన నివేదిక ఉండాలని సెబీ 2025 ఫిబ్రవరి 4న చెప్పింది. అందులోనూ ఈ గీతే అతికిస్తారని నా అనుమానం.

ట్రేడ్ల జాబితా ఇమ్మంటే స్ట్రాటజీ కాపీ కొడతారట. డబ్బు కట్టి కొన్నవాడికీ అదే జవాబు.