బేతంచెర్ల బండకు కాళ్లొచ్చాయి!

కర్నూలులో పాత గదికి బేతంచెర్ల బండలు మార్పించాలంటే ముందు మేస్త్రీ నోటిమాట: "అంతా కలిపి 15 వేలు సామీ, పైసా ఎక్కువ గాదు." పనయ్యాక బిల్లు 24 వేలు!

గది పదికి పన్నెండు, అంటే 120 చదరపు అడుగులు. కోతకు, విరిగినవాటికి పదో వంతు కలిపినా 132. బిల్లులో 170. తక్కిన 38 అడుగులూ తిరిగి బేతంచెర్లకే నడిచిపోయినట్టున్నాయి!

సిమెంటు 9 బస్తాలట. రెండంగుళాల మందాన ఒకటికి ఆరు పాళ్ల మాలుకు మూడు, సందులకు ఇంకొకటి చాలు. పెరట్లో ఖాళీ సంచులు లెక్కపెడితే నాలుగే. "తక్కినవి గాలికి ఎగిరిపోయినాయన్నా!"

కూలి అడుగు లెక్కన మాట్లాడుకున్నాక "ఎగస్ట్రా కూలి, 4 రోజులు" ఏమిటో? అడుగు రేటులోనే అతని మనుషుల కూలీ ఉంటుంది కదా. పాత బండలు పెకలించిన ఖర్చు మాత్రం న్యాయమే. అది ముందు మాట్లాడుకోలేదు, ఇవ్వాల్సిందే.

టేపు, సంచులు, దుకాణం రశీదు ముందు పెట్టేసరికి బిల్లు 17 వేలకు దిగింది. మేస్త్రీ గొంతు మాత్రం దిగలేదు: "మీరు మా పొట్ట కొడతాండారు సామీ!"